ఫొటోలో పద్దెనిమిది

నన్ను గ్రూపులోంచి తీసేశారు. పట్టికలో ఉన్న అంకె పద్దెనిమిది అని నేను చెప్పాను. మిగతా అందరూ పదమూడు అన్నారు. పద్దెనిమిది అని చెప్పిన గంటలోపే, ఒక్క మాటయినా చెప్పకుండా, సంజాయిషీ అడక్కుండా తీసేశారు. పదమూడు అన్నవాళ్ళంతా లోపలే ఉన్నారు. అంకె మాత్రం పద్దెనిమిదే.

ఇది మొదట చెప్పేశాను కనుక మిగతాది నెమ్మదిగా చెబుతాను. డెబ్భై మూడేళ్ళు వచ్చాయి. నాకు తొందర లేదు.

మాది మండపేట. ముప్పై ఎనిమిదేళ్ళు ఒక రైసు మిల్లులో కాటా దగ్గర గుమాస్తాగా పనిచేశాను. లారీల మీద వచ్చే ధాన్యం బస్తాలు కాటా మీద పడుతుంటే బరువు చూసి రాసుకోవడం నా పని. బడిలో చదివింది ఐదో తరగతి వరకు. ఆ పైన నేర్చిందంతా మిల్లుకు చిత్తు కాగితాలుగా వచ్చిన పాత పాఠ్య పుస్తకాల్లోంచి నేర్చాను. వాటిలో ఒక్కదానికీ మొదటి పేజీలు ఉండేవి కావు. అట్టలూ మొదటి పాఠాలూ ఎవరో ముందే చించుకుపోయేవారు. అందుకని నాకు ప్రతి విషయమూ మధ్యనుంచే తెలుసు. రెండు త్రిభుజాలు ఎప్పుడు సమానమో యాభై రకాలుగా నిరూపించగలిగే రోజుల్లో, త్రిభుజానికి నిర్వచనం చెప్పమంటే నోరు వెళ్ళబెట్టేవాణ్ణి. నవ్వేవాళ్ళు నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ వరసగా చెప్పగలను. అది వేరే సంగతి.

మా ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. మాకు పిల్లలు లేరు. మనిషి పోయాక ఇంట్లో మాట పోతుందని ముందు తెలియలేదు. కూర ఏం చెయ్యమంటారు అని అడిగేవాళ్ళు లేరు. పాలవాడు ప్యాకెట్టు గేటుకు తగిలించి వెళ్ళిపోతాడు. కరెంటు మీటరు చూసే అతను మీటరుతోనే పని చూసుకుని వెళ్ళిపోతాడు. కొన్ని వారాల్లో బుధవారం మధ్యాహ్నానికి గాని నా గొంతు నాకు వినిపించేది కాదు. అదీ దగ్గు వస్తేనే.

అలాంటి రోజుల్లో మా వీధిలోకి మైకు కట్టిన ఆటో వచ్చి, వయసుతో పని లేదు, ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టండి అని అరుచుకుంటూ పోయింది. కట్టాను. సర్టిఫికెట్టుతో నాకు చెయ్యాల్సిన పని ఏమీ లేదు. పుస్తకం మొదటి పేజీ నుంచి చదవాలనిపించింది, అంతే.

ఆదివారం ఆదివారం హైస్కూల్లో క్లాసు. ఇరవై మూడు మందిమి. అంగన్‌వాడీలో ఆయాగా చేసే ఆవిడ ఒకరు. పది పాసయితే టీచరు పోస్టుకు అర్హత వస్తుందని ఆవిడ ఆశ. లారీ డ్రైవరు ఒకతను. మిగతా వాళ్ళలో ఎక్కువమంది పొలం పనుల ఆడవాళ్ళు, కుట్టుమిషన్ల వాళ్ళు. లెక్కలు చెప్పే మేడం గారికి ఇరవై ఆరో ఇరవై ఏడో ఉంటాయి. వారమంతా ఏదో ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పుకుని ఆదివారం మా దగ్గరికి వచ్చేది. మాకోసం ఆవిడే ఫోన్లో గ్రూపు పెట్టింది. వారం మధ్యలో తన గైడులోంచి ఒక లెక్క ఫొటో తీసి అందులో పెట్టేది. మేము నోట్సులో చేసి, ఆ పేజీ ఫొటో తీసి సాయంత్రంలోగా పెట్టాలి.

ఆ గ్రూపు నాకేమిటో మీకు అర్థం కావాలి. ఫోను టింగుమంటే అది గ్రూపే. వేరే ఎవరూ నాకు ఏమీ పంపరు. అన్నం తినేటప్పుడు కూడా కంచం పక్కనే పెట్టుకునేవాణ్ణి.

మేడం గారు పెట్టే ఫొటోలు చూసి తీరాలి. ఒకదానిలో పేజీ ఏటవాలుగా ఉంటుంది. ఒకదానిలో ఆవిడ బొటనవేలు పట్టికలోని అంకెల మీద ఉంటుంది. ఒక్కోసారి పుస్తకం మడత దగ్గర అంకెలన్నీ వంగిపోయి గోతిలోకి జారుతున్నట్టు కనిపిస్తాయి. మిగతావాళ్ళు విసుక్కునేవారు గాని నాకు సరదాగా ఉండేది. కాటా దగ్గర దుమ్ములో, చెమట పడ్డ చీటీల మీద అంకెలు చదివిన కళ్ళు నావి. రెండు వేళ్ళతో ఫొటో పెద్దది చేసుకుని, అంకె అంకె తీసి కాగితం మీదికి ఎక్కించేవాణ్ణి. టింగుమన్న ఐదారు నిమిషాల్లో నా జవాబు గ్రూపులో ఉండేది. సగటు, మధ్యగతం, బాహుళక తరగతి, మూడూ, కింద రెండు గీతలతో సహా. మేడం గారు బొటనవేలు బొమ్మ పెట్టేది. లారీ డ్రైవరు ఒకసారి, "బాబాయ్ గారూ, మాకూ ఒకటి వదలండి, మేమూ ఫీజు కట్టామండి" అని పెట్టాడు. నవ్వు బొమ్మ పెట్టి ఊరుకున్నాను.

ఆదివారాల్లో కూడా నా అవసరం పడేది. ఒక రోజు మేడం గారు పట్టికలో తరగతి పొడవు గురించి చెబుతోంది. ముప్పై నుంచి ముప్పై తొమ్మిది వరకు ఒక తరగతి. దాని పొడవెంత అంటే క్లాసులో సగం మంది తొమ్మిది అన్నారు. ఆయా గారు లేచి, "ముప్పై తొమ్మిదిలోంచి ముప్పై తీస్తే తొమ్మిదే కదండి మేడం, మీరు పదంటారేంటండి" అంది. మేడం గారు రెండు రకాలుగా చెప్పి చూసింది. ఎక్కలేదు.

నేను వెనక్కి తిరిగి, "అమ్మా, మీ ఇంట్లో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచం ఏమంటారు?" అన్నాను.

"లాభం అంటామండి."

"రెండోది?"

"రెండు."

"మరి ఆ లాభం కుంచాన్ని లెక్కలో వదిలేస్తారా?"

"ఎందుకు వదులుతామండి? ఒకటి అనకూడదని లాభం అంటాం గాని అదీ గింజలే కదా."

"ముప్పై కూడా అంతే. వేళ్ళు మడవండి. ముప్పై లాభం. ముప్పై ఒకటి, రెండు. ముప్పై రెండు, మూడు. అలా పోతే ముప్పై తొమ్మిది దగ్గర ఎన్నో వేలు?"

ఆవిడ మడుచుకుంటూ పోయి, పదో వేలు మడిచి, దాన్నే చూస్తూ కూర్చుంది. "బాబాయ్ గారు మిల్లంతా క్లాసులోకి తోలుకొచ్చేశారండి" అన్నాడు డ్రైవరు. అందరూ నవ్వారు. నాకు ఇష్టమైన నవ్వు అది.

ఆ రోజే ఇంకో సంగతి కూడా చెప్పాను. ఇరవై తొమ్మిది దగ్గర ఒక తరగతి అయిపోయి, ముప్పై దగ్గర ఇంకోటి మొదలైతే, మధ్యలో ఒకటి సందు ఉంటుంది. ఆ సందును ఇద్దరికీ చెరిసగం పంచాలి. అప్పుడు ముప్పై తరగతి ఇరవై తొమ్మిదిన్నర దగ్గర మొదలై ముప్పై తొమ్మిదిన్నర దగ్గర ఆగుతుంది. పొడవు పది. ఇలా చూస్తే వేళ్ళతో కూడా పని లేదు.

నిజానికి మధ్యగతం అనే మాట తెలియక ముందే ఆ పని నేను చేశాను. మిల్లులో ఒకసారి ఒక లోడు వచ్చింది. అందులో రెండు బస్తాలు తడిసి రాళ్ళలా ఉన్నాయి. "లోడులో మామూలు బస్తా ఎంత తూగుతోందయ్యా?" అని యజమాని అడిగాడు. కొత్తగా వచ్చిన చదువుకున్న గుమాస్తా బరువులన్నీ కలిపి, బస్తాల సంఖ్యతో భాగించి ఒక అంకె చెప్పాడు. ఆ తడి బస్తాల బరువు కూడా కలిసిపోయి అది ఎక్కువ వచ్చింది. అంత బరువున్న బస్తా లోడు మొత్తం వెతికినా ఒక్కటీ లేదు. నేను బరువుల చీటీలు తేలిక నుంచి బరువుకు వరసగా పేర్చి, సరిగ్గా నడిమి చీటీ తీసి ఇచ్చాను. ఆ గుమాస్తా దాన్ని జూదం అన్నాడు. ఆ మాట నాకు ముప్పై ఏళ్ళుగా గుర్తుంది.

ఇక ఆ గురువారం.

మధ్యాహ్నం భోజనం చేసి పడక్కుర్చీలో కూర్చున్నాను. టింగుమంది. పట్టిక. ఒక తోటలో ఒక దింపుకు, అంటే ఒకసారి కాయలు దింపితే, ఎన్నేసి కాయలు ఇచ్చిన కొబ్బరి చెట్లు ఎన్నో అది. గైడు కాగితం నునుపు కాగితం. మేడం గారు ఫ్లాషు వేసి తీసినట్టుంది, పేజీ నడుమ తెల్లటి వెలుగు మరక. పట్టిక ఇలా ఉంది:

కాయలు 10–19, చెట్లు 6
కాయలు 20–29, చెట్లు 11
కాయలు 30–39, చెట్లు వెలుగు మరకలో
కాయలు 40–49, చెట్లు 13
కాయలు 50–59, చెట్లు 8
కాయలు 60–69, చెట్లు 4

అడుగున, ఫొటో అంచు సగం కోసేసిన వరసలో: మొత్తం 60.

మరకలో ఉన్నదాంట్లో ఒకటి స్పష్టంగా ఉంది. దాని పక్క అంకె కుడివైపు మాత్రమే కనబడుతోంది, రెండు వంకరలు. మూడు కావచ్చు, ఎడమవైపు వెలుగు తినేసిన ఎనిమిది కావచ్చు. కంటితో చూసి తేల్చడం కష్టం.

కాటా దగ్గర నాకొక అలవాటు ఉండేది. ఏ చీటీ చేతికొచ్చినా ముందు అడుగున మొత్తం చూస్తాను, ఆ తర్వాతే వరసలు. వరసల్లో ఒకటి చెరిగిపోయినా మొత్తం ఉంటే అది దొరుకుతుంది. ఇక్కడ ఆరు, పదకొండు, పదమూడు, ఎనిమిది, నాలుగు కలిపితే నలభై రెండు. అరవైలోంచి తీస్తే పద్దెనిమిది. కళ్ళతో పని లేదు. పదమూడు అయితే మొత్తం యాభై అయిదే వస్తుంది. మిగతా అయిదు చెట్లూ ఎక్కడికి పోయాయి?

తర్వాత లెక్క నున్నగా నడిచింది. ప్రతి తరగతికీ నడిమి విలువ తీసుకుని, ముప్పై నాలుగున్నరను నడుమ కూర్చోబెట్టాను. దానికి పైన ఉన్న రెండు తరగతులూ ఒక మెట్టు, రెండు మెట్లు తక్కువ. కింద ఉన్న మూడూ ఒకటి, రెండు, మూడు మెట్లు ఎక్కువ. చెట్లతో గుణిస్తే తక్కువ వైపు పన్నెండు, పదకొండు, కలిపి ఇరవై మూడు. ఎక్కువ వైపు పదమూడు, పదహారు, పన్నెండు, కలిపి నలభై ఒకటి. తేడా పద్దెనిమిది. అరవైతో భాగించి, మెట్టు పొడవు పదితో గుణిస్తే మూడు. సగటు ముప్పై ఏడున్నర కాయలు. ఇందులో ఒక తమాషా గమనించాను. తగాదా వచ్చిన వరస సరిగ్గా నడుమ కూర్చున్న వరసే. దాని మెట్టు సున్నా. అది పద్దెనిమిది అయినా పదమూడు అయినా పై తేడా మారదు. భాగించే అంకె మారుతుంది. యాభై అయిదుతో భాగిస్తే ముప్పై ఏడు పాయింట్ ఏడు ఏడు వస్తుంది. తప్పుగా చదివినవాడికి కూడా జవాబు దగ్గర్లోనే వచ్చి, అంతా బాగుందనిపిస్తుంది.

మధ్యగతానికి చెట్లు పైనుంచి కలుపుకుంటూ వస్తే ఆరు, పదిహేడు, ముప్పై అయిదు. సగం ముప్పై. అది మూడో తరగతిలో పడింది. ఇరవై తొమ్మిదిన్నరకు, ముప్పైలోంచి పదిహేడు తీసిన పదమూడును పద్దెనిమిదితో భాగించి పదితో గుణించి కలిపితే, ముప్పై ఆరు పాయింట్ ఏడు రెండు. ఇక బాహుళక తరగతి, అంటే ఎక్కువ చెట్లున్న తరగతి, ముప్పై నుంచి ముప్పై తొమ్మిది. దానికి లెక్క కూడా అక్కర్లేదు, కన్ను చాలు. పదమూడు అనుకుంటే కింద వరసలో కూడా పదమూడే ఉంది కనుక బాహుళక తరగతులు రెండు వస్తాయి. పుస్తకం 'బాహుళక తరగతి ఏది' అని ఒక్కదాన్నే అడిగింది. ఇది కూడా నా పక్షాన సాక్ష్యమే.

ఆరు నిమిషాలు పట్టింది. గ్రూపులో పెట్టాను.

కాసేపటికి ఆయా గారి నోట్సు ఫొటో వచ్చింది. గుండ్రటి అక్షరాలతో, స్కేలు పెట్టి గీసిన పట్టిక. మూడో వరసలో 13. కింద మొత్తం 55 అని తనే వేసుకుంది. వెనకే ఇంకో ఇద్దరు, వాళ్ళూ 13. "పదమూడే కదండి, కనబడుతోంది" అని ఒకరు. నేను మొత్తం చూడమన్నాను. "మొత్తం సగం కోసేసి ఉందండి, అది 50 ఏమో" అన్నాడు డ్రైవరు. యాభై అయితే ఆ వరసకు ఎనిమిదే మిగులుతుంది, ముందున్న ఒకటి ఏమైందని అడిగాను.

అప్పుడు మేడం గారు రాసింది: "13 లాగే కనబడుతోంది. అందరూ 13 తీసుకుని చెయ్యండి."

పాఠం చెప్పే మనిషి. చేతిలో గైడున్న మనిషి. నా ఒళ్ళు మండింది. ఉన్నది దాచడం ఎందుకు, పదకొండు మెసేజీలు పెట్టాను. అంకె మూడో ఎనిమిదో తెలియకపోతే కింద యాభై–యాభై తొమ్మిది వరసలో ఉన్న 8ని, దాని పైన 13లో ఉన్న 3ని పెద్దవి చేసి పక్కపక్కన పెట్టి చూడమన్నాను. ఆయా గారి ఫొటో కింద, "కళ్ళజోడు తుడుచుకోమ్మా" అని పెట్టాను. మేడం గారికి, "మొత్తం చూడకుండా వరసలు చదివేవాళ్ళు పాఠం చెప్పకూడదు" అని పెట్టాను. పన్నెండోది రాస్తుండగా రాసే చోటు మాయమైంది. దాని స్థానంలో ఇంగ్లీషులో ఒక వాక్యం. మీరు ఈ గ్రూపులో లేరు కనుక ఇక పంపలేరు అని దాని అర్థం. కూడబలుక్కుని రెండుసార్లు చదివాను. నాలుగూ ఇరవై అయింది. బయట ఎండ అలాగే ఉంది.

తీసేసినా పాత మాటలు ఫోన్లోనే ఉంటాయని తర్వాత తెలిసింది. రోజూ అవే చదివేవాణ్ణి. ఫోను మాత్రం టింగుమనలేదు. భోజనం దగ్గర పెట్టుకోవడం మానలేదు గాని, అది కంచం పక్కన మూత పెట్టిన గిన్నెలా పడి ఉండేది. చార్జింగు రెండు రోజులకు కూడా అయిపోయేది కాదు. రెండోరోజు నుంచి ఒక పని మొదలెట్టాను. ఆ ఫొటో తెరిచి, పెద్దది చేసి, వెలుగు మరకనే చూస్తూ కూర్చోవడం. పద్దెనిమిది అని నాకు తెలుసు. తెలిసి ఏం లాభం, చెప్పుకునే చోటు పోయాక?

ఆదివారం క్లాసుకు వెళ్ళలేదు. ఆ పై ఆదివారమూ వెళ్ళలేదు. వెలి వేసినవాళ్ళ ముందు వెళ్ళి కూర్చోవడం నావల్ల కాదు. రెండో ఆదివారం తర్వాత ఆయా గారు కూరగాయల బండి దగ్గర కనబడింది.

"బాబాయ్ గారూ, రావట్లేదేంటండి?"

"తీసేశారు కదమ్మా."

"గ్రూపులోంచే కదండి. బడిలోంచి కాదు కదా."

"రెండూ ఒకటే."

"ఒకటెలా అవుతుందండి? అది కాదండి, మేడం గారు ఆ ఆదివారం..."

నాకు ఆవిడ రాయబారం వినబుద్ధి కాలేదు. వంకాయలు అక్కడే వదిలేసి వచ్చేశాను.

నాకు కావలసింది ఒక్కటే. వాళ్ళు నన్ను తిరిగి గ్రూపులో కలపాలి. దానికి నేను చెప్పింది నిజమని వాళ్ళ ముందు పెట్టాలి. మేడం గారికి విడిగా ఒక మెసేజీ పెట్టాను. చదివినట్టు నీలం గీతలు పడ్డాయి, జవాబు రాలేదు. హైస్కూలు చిరునామాకు ఒక ఉత్తరం రాశాను, నాలుగు పేజీలు. దానికీ రాలేదు. ఇక సాక్ష్యం తేవడం తప్ప దారి లేదనుకుని రాజమండ్రి బస్సెక్కాను.

రాజమండ్రిలో పాత పుస్తకాలు ఫుట్‌పాత్ మీద పరిచి అమ్మేవాళ్ళు ఉన్నారు. ఒకతని దగ్గర గైడులే నడుమెత్తు దొంతరలున్నాయి.

"ఏ సంవత్సరందండి?" అన్నాడు.

"సంవత్సరం తెలియదు. ఈ లెక్క ఉన్నది కావాలి" అని ఫోను చూపించాను.

అతను ఫోను వంకా, నా వంకా చూశాడు. "పుస్తకం పేరుతో అడుగుతారండి. లెక్క చూపించి అడిగినోళ్ళు మీరే మొదలు. కూర్చోండి, మీ ఓపిక."

స్టూలు ఇచ్చాడు. లెక్కల గైడులు ఒక్కొక్కటీ వెనకనుంచి తెరిచి చూసుకుంటూ పోయాను. సాంఖ్యకశాస్త్రం ఎప్పుడూ చివరి పాఠాల్లోనే ఉంటుంది. ఎండ దొంతర మీది నుంచి నా మోకాళ్ళ మీదికి వచ్చింది. పదమూడో పద్నాలుగో పుస్తకంలో దొరికింది. అదే కాగితం, అదే పట్టిక, అదే కొబ్బరి తోట. మూడో వరసలో 18. నల్లగా, రెండు సున్నాలు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు, పూర్తి ఎనిమిది. అడుగున 60. వెనక జవాబుల పేజీ కూడా తీశాను. 37.5. 36.72. 30–39.

చెప్పడానికి పక్కన ఎవరూ లేరు. "పద్దెనిమిదే" అన్నాను పుస్తకాలతనితో.

"పద్దెనిమిదికి రాదండి, నలభై ఇవ్వండి" అన్నాడు.

ఇచ్చాను. బస్సులో ద్వారపూడి దాకా ఆ పేజీ తెరిచే పెట్టుకున్నాను. పక్కన కూర్చున్నాయన రెండుసార్లు తొంగి చూశాడు. అడుగుతాడేమో అనుకున్నాను. అడగలేదు. దిగిపోయాడు.

ఇంటికి వచ్చి, మర్నాడు పొద్దున్న ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు పుస్తకాన్ని అరుగు మీద పరిచి, రెండు పక్కలా రెండు రాళ్ళు పెట్టి, నిలబడి తిన్నగా ఫొటో తీశాను. ఫ్లాషు లేదు, వేలు లేదు, మడత లేదు. నాలుగు మూలలూ వచ్చాయి. ఫొటో అంటే అలా ఉండాలి. మేడం గారికి పంపి, కింద మూడు వాక్యాలే రాశాను. ఇదీ పేజీ. ఇదీ పద్దెనిమిది. నన్ను ఎందుకు తీసేశారో రాతపూర్వకంగా చెప్పండి.

నీలం గీతలు ఆ రోజే పడ్డాయి. నాలుగు రోజులు ఏమీ లేదు. అయిదో రోజు మధ్యాహ్నం, మజ్జిగన్నం కలుపుకుంటుంటే ఫోను టింగుమంది. చెయ్యి కడుక్కోకుండానే ఎడం చేత్తో తెరిచాను. వచ్చిన జవాబు ఇది. ఒక్క అక్షరం మార్చలేదు.

"బాబాయ్ గారూ, నమస్తే అండి. లేటయింది, ఏమీ అనుకోకండి, మా స్కూల్లో పరీక్షలు నడుస్తున్నాయి. మీరు చెప్పింది కరెక్టండి, 18 ఏ. ఆ ఫొటో ముందే ఇంట్లో తీసి పెట్టుకున్నదండి, ఆ రోజు నేను బస్సులో ఉన్నాను, గైడు ఇంట్లో ఉంది. రాత్రికి చూసుకున్నాను. ఆ ఆదివారమే క్లాసులో తప్పు నాదేనని, బాబాయ్ గారు చెప్పిందే రైటని చెప్పి, మళ్ళీ బోర్డు మీద మొత్తం చేయించాను. మీరు రాలేదు. మిమ్మల్ని తీసేసింది లెక్క గురించి కాదండి. నన్ను అన్న మాట గురించి కూడా కాదు. మొదట్లో ఫొటో పెడితే పద్నాలుగు మంది నోట్సు పెట్టేవారు. తర్వాత ఏడుగురు అయ్యారు. తర్వాత మీరొక్కరే. అయిదు నిమిషాల్లో మీ ఆన్సరు వచ్చేస్తే ఇంక వాళ్ళు పుస్తకం తియ్యట్లేదండి, మీది చూసి ఎక్కించుకుంటున్నారు. ఆ గురువారం చాలా రోజులకి ఆయా గారు సొంతంగా చేసి పెట్టారు. 13 తోనే, కానీ మొత్తం సొంతంగా. దాని కిందే మీరు కళ్ళజోడు తుడుచుకోమన్నారు. మీరు వెళ్ళాక పదకొండు మంది పెడుతున్నారు. తప్పులే ఎక్కువండి. కానీ పెడుతున్నారు. ముందు మీకు చెప్పి తియ్యాల్సింది, చెప్పలేదు, అది నా తప్పు. పరీక్షలయ్యే దాకా మిమ్మల్ని గ్రూపులో కలపలేనండి. ఆదివారం తొమ్మిదిన్నరకి క్లాసు ఉంది."